తమ్ముణ్ణి ఎవరు చూసుకుంటారు?

డీఎడ్, బీఎడ్ చదివినవాళ్ళకు, టెట్‌కీ డీఎస్సీకీ తయారైనవాళ్ళకు పిల్లల ఎదుగుదలను వివరించిన మనస్తత్వవేత్త బ్రాన్‌ఫెన్‌బ్రెనర్ పేరు కొత్త కాదు. ఆయన సిద్ధాంతాన్ని ఒక బొమ్మగా నేర్చుకుంటాం. మధ్యలో పిల్లవాడు, చుట్టూ ఒకదాని చుట్టూ ఒకటిగా వలయాలు. ఇల్లు, బడి, ఆటల జట్టు ఉండేది సూక్ష్మ వ్యవస్థ. వాటి మధ్య రాకపోకలు మధ్య వ్యవస్థ. పిల్లవాడు అడుగుపెట్టకపోయినా అతని మీద ప్రభావం చూపే అమ్మానాన్నల పనిచోటు లాంటివి బాహ్య వ్యవస్థ. చట్టాలు, ఆచారాలు, కులం, ఆర్థిక స్థితి స్థూల వ్యవస్థ. వీటన్నిటినీ మార్చుకుంటూ పోయే కాలం కాల వ్యవస్థ. పరీక్షలో జతపరచమంటారు, ఒక మార్కు వస్తుంది. ఉద్యోగం వచ్చి బడిలో చేరాక ఆ బొమ్మ మళ్ళీ గుర్తుకు రాదు.

గుర్తుకు రాకపోవడానికి కారణం బొమ్మలోనే ఉంది. దాన్ని చూస్తే బయటి వలయం అంటే దూరంగా ఉన్నది, తక్కువ ప్రభావం చూపేది అనిపిస్తుంది. వెనకబడిన పిల్ల గురించి మాట్లాడుతూ "ఇంటి పరిస్థితులు బాగాలేవు, పేదరికం, ఏం చేస్తాం" అని వలయాల పేర్లు చెప్పేసి ఊరుకోవడం సులువైపోతుంది. సిద్ధాంతాన్ని ఇలా వాడటం తప్పని నా వాదన. బయటి వలయాలు పిల్ల రోజులోకి నేరుగా వచ్చి కూర్చుంటాయి. ఆమె ఎవరితో, ఎంతసేపు, ఏ పనిలో ఉండగలదో అవే తేలుస్తాయి. కాబట్టి ఏ వలయం బాగాలేదని అడిగితే లాభం లేదు. ఈ పిల్ల రోజులో ఏ పని ఆగిపోయింది, దాన్ని ఆపుతున్న కారణం ఎక్కడుంది అని అడగాలి.

ఇది సిద్ధాంతకర్త తర్వాతి రోజుల్లో తానే గట్టిగా చెప్పిన మాట. యూరీ బ్రాన్‌ఫెన్‌బ్రెనర్ 1917లో మాస్కోలో పుట్టి, చిన్నతనంలోనే అమెరికా వెళ్ళి, కార్నెల్ విశ్వవిద్యాలయంలో పనిచేశారు. 1965లో పేద పిల్లల కోసం అక్కడ మొదలైన హెడ్ స్టార్ట్ కార్యక్రమాన్ని రూపొందించినవాళ్ళలో ఆయన ఒకరు. మనం బొమ్మగా నేర్చుకునే వలయాలు 1979లో వచ్చిన ఆయన పుస్తకంలోవి. కాలం అనే భాగం 1980లలో చేరింది. 1990లకు వచ్చేసరికి ఆయనకు ఒక అసంతృప్తి మిగిలింది. పరిశోధకులు పరిసరాల గురించి బోలెడంత రాస్తున్నారు, ఆ పరిసరాల్లో పిల్లవాడు ఏం చేస్తున్నాడో మాత్రం వదిలేస్తున్నారు. అందుకే తన సిద్ధాంతానికి కొత్త కేంద్రం పెట్టారు. పిల్లకూ ఒక మనిషికీ మధ్య, లేదా పిల్లకూ ఒక వస్తువుకూ పుస్తకానికీ మధ్య, రోజూ జరిగే ఇచ్చిపుచ్చుకోవడమే ఎదుగుదలను నడిపే యంత్రం అన్నారు. దీన్ని ఇక్కడ నిత్య వ్యవహారం అందాం.

నిత్య వ్యవహారానికి ఆయన పెట్టిన షరతుల్లో మూడు మనకు ముఖ్యం. అది క్రమం తప్పకుండా చాలాకాలం జరగాలి. రానురాను కొంచెం కొంచెం కష్టమవుతూ పోవాలి. రెండు వైపుల నుంచీ నడవాలి, అంటే పిల్ల చేసినదాన్ని బట్టి ఎదుటివాళ్ళ తర్వాతి అడుగు మారాలి. బడిలో మనం పెట్టే ఏ కార్యక్రమాన్నయినా ఈ మూడింటితో కొలవవచ్చు. టెట్ పుస్తకాల్లో వలయాల పేర్లు ఉంటాయి, ఈ మూడు షరతులు సాధారణంగా ఉండవు. నా దృష్టిలో అసలు పనిముట్టు ఇదే.

ఇదెలా పనిచేస్తుందో ఒక పిల్ల విషయంలో చూద్దాం. కర్నూలు జిల్లా పడమటి మండలాలు, అంటే కోసిగి, కౌతాళం, మంత్రాలయం, పెద్దకడుబూరు వైపు. పక్కనే తుంగభద్ర పారుతున్నా చాలా పొలాలు వర్షాధారమే. వాన ఒక్క పంటకు సరిపోతే గొప్ప. ఖరీఫ్ పంట చేతికొచ్చాక, లేదా ఎండిపోయాక, ఊళ్ళో పని ఉండదు. కూలీలను కుదిర్చే మేస్త్రీ వస్తాడు, అడ్వాన్సు ఇస్తాడు. పత్తి తీతకూ మిరప కోతకూ కుటుంబాలకు కుటుంబాలు గుంటూరు, పల్నాడు వైపో తెలంగాణకో బండ్లెక్కుతాయి. తిరిగి రావడం ఉగాదికి అటూ ఇటూ. ఏటా జరిగేదే కాబట్టి, ఎవరు ఎప్పుడు పోతారో ఊరి బడిలో పనిచేసే టీచరుకు ముందే తెలిసే అవకాశం ఉంది.

ఈ ఊళ్ళలో ఒకదానిలో నాలుగో తరగతి చదివే ఒక పాపను ఊహించుకోండి. నవంబరు చివరికి ఆమె తెలుగులో పేరా చదువుతుంది, కథ దగ్గర తడబడుతుంది. రెండంకెల తీసివేత అప్పు తెచ్చుకుని చేస్తుంది, భాగహారం ఇంకా రాదు. డిసెంబరు మొదట్లో కుటుంబంతో వెళ్ళిపోయి మార్చి చివరికి వస్తుంది. ఆదివారాలు, సంక్రాంతి సెలవులు, మిగతా పండుగలు తీసేస్తే ఆమెకు పోయేది సుమారు 85 పనిదినాలు. ఏడాదికి 220 పనిదినాలనుకుంటే ఆమె హాజరు 61 శాతం దగ్గర ఆగుతుంది.

హాజరు పట్టీలో ఇది 85 ఆబ్సెంట్లు. నిత్య వ్యవహారం లెక్కలో చూస్తే నష్టం వేరు. భాగహారం నేర్పే వారాలు ఆ డిసెంబరు, జనవరిలలోనే పడ్డాయి. తీసివేత చేత్తో చేస్తున్న అలవాటు ఆగిపోయింది కాబట్టి వచ్చిందీ జారిపోతుంది. మార్చిలో తిరిగొచ్చేసరికి తరగతి భిన్నాల్లో ఉంటుంది. ఆమెకు ఇప్పుడు భాగహారమూ రాదు, తీసివేతలో అప్పూ మళ్ళీ తప్పుతోంది. టీచరు చెప్పేది ఆమెకు అందదు, ఆమె రాసే తప్పులు టీచరుకు అర్థం కావు. రెండు వైపుల నుంచీ నడవాలన్న షరతు ఇక్కడ తెగిపోతుంది. ఇక ఆమె బడికి వచ్చినా రాకపోయినా ఒకటే అన్నంత దూరం ఏర్పడుతుంది. మానేయడం ఆ తర్వాతి మెట్టు.

ఇప్పుడు మిరప చేలోకి వెళ్దాం. పొద్దున్నే తల్లిదండ్రులు చేలోకి దిగుతారు. గట్టున పరదా కప్పిన గుడారం, లోపల మూడేళ్ళ తమ్ముడు. పాప రోజంతా తమ్ముడితోనే. వాడికి అన్నం పెట్టడం, వాడు కాలువ వైపు పోకుండా చూడటం, నిద్రపుచ్చడం, వాడు పడుకున్నాక నీళ్ళు మోయడం, కాసేపు కాయలు కోయడం. కిలోల లెక్కన కూలి ఇచ్చే చోట ఆ కాసేపటికీ విలువ ఉంటుంది, ఎందుకంటే ఆమె కోసినవి కూడా తల్లి బస్తాలోనే పడతాయి. రోజుకూలి ఇచ్చే చోట పిల్ల చేతికి వేరే డబ్బు రాదు కాబట్టి ఆ ఒత్తిడి తక్కువ. కూలి లెక్క ఎలా కట్టాలన్నది రైతూ మేస్త్రీ మాట్లాడుకునే విషయం, పాపకు దానితో సంబంధమే లేదు. అయినా ఆమె మధ్యాహ్నం ఎలా గడుస్తుందో అదే నిర్ణయిస్తోంది. బాహ్య వ్యవస్థ అంటే ఇదే.

దగ్గర్లో బడి ఉంటుంది. గుంటూరు, పల్నాడు ఊళ్ళలో ప్రభుత్వ బడి లేని ఊరు వెతకాలి. చట్టం కూడా పాప వైపే ఉంది. 2009 విద్యాహక్కు చట్టం 4వ సెక్షన్ ప్రకారం వయసుకు తగ్గ తరగతిలో చేర్చుకోవాలి, వెనకబడి ఉంటే ప్రత్యేక శిక్షణ ఇవ్వాలి. 5వ సెక్షన్ ప్రకారం టీసీ ఆలస్యమైందన్న కారణంతో చేర్చుకోవడం ఆపకూడదు. వలస కుటుంబాల పిల్లలను బడిలో చేర్పించే బాధ్యత స్థానిక సంస్థలదని 9వ సెక్షన్ విడిగా చెబుతుంది. ఇంత ఉన్నా పాప బడికి పోదు. ఎందుకు పోదో తెలియాలంటే ఊరు వదలకముందు బడి గుమ్మం దగ్గర జరిగే మాట వినాలి. ఇలాంటి సంభాషణ ఆ ప్రాంతంలో ఏ బడి దగ్గరైనా వినిపించేదే.

"ఏమ్మా, పాపను ఈడే అవ్వ దగ్గర పెట్టి పోకూడదా?"

"ఎట్ల మేడం, ఈ పాప రాకుంటే సంటోణ్ణి ఎవురు పట్టుకుంటారు? వాణ్ణి ఎత్తుకోని నేను కాయలు కొయ్యలేను కదా."

తల్లి చదువు మీద నిర్లక్ష్యంతో అన్న మాట కాదది. ఆమె ముందున్న లెక్క అది. ఆమె చేలో పనిచేయాలంటే ఎవరో ఒకరు చిన్నవాణ్ణి చూసుకోవాలి, ఉన్న మనుషుల్లో ఆ పని చేయగలిగేది ఈ పాప ఒక్కతే. ఇంట్లో ఆడపిల్ల పెద్దదైతే ఆ పని ఆమెదే అన్న అలవాటు ఆ లెక్కను ఇంకా సులువు చేస్తుంది. అదే ఇంట్లో పెద్దవాడు మగపిల్లవాడైతే వాణ్ణి అవ్వ దగ్గర వదిలి పోయే అవకాశం ఎక్కువ. స్థూల వ్యవస్థ అంటూ పుస్తకంలో ఎక్కడో చివరి వలయంలో గీసిన ఆచారం, ఇక్కడ ఒక పాప చంకలో తమ్ముడి రూపంలో కూర్చుని ఉంది.

ఆ మాటను టీచరు సరిగ్గా వింటే పరిష్కారం వెతకాల్సిన చోటు మారుతుంది. పాప చదువు ఆగడానికి దగ్గరి కారణం పాపలో లేదు, ఆమె బడిలో లేదు. మూడేళ్ళ తమ్ముడికి పగలంతా ఉండే చోటు లేకపోవడంలో ఉంది. వలస వెళ్ళిన ఊళ్ళో అంగన్‌వాడీ ఆ పిల్లవాణ్ణి తీసుకుంటే పాప చేతులు ఖాళీ అవుతాయి. అంగన్‌వాడీ ఆరు నెలల నుంచి ఆరేళ్ళ పిల్లలకు పోషకాహారం ఇచ్చే కేంద్రం, మూడు నుంచి ఆరేళ్ళవాళ్ళకు పూర్వ ప్రాథమిక విద్య కూడా ఇస్తుంది. అయితే ఇక్కడ మూడు చిన్న విషయాలు తప్పుతాయి. కేంద్రం ఊరి మధ్యలో ఉంటుంది, గుడారం చేను గట్టున ఉంటుంది. కేంద్రం మూసే వేళకు తల్లి ఇంకా చేలోనే ఉంటుంది. తమ్ముడు మూడేళ్ళలోపువాడైతే కేంద్రంలో అన్నం దొరుకుతుంది కానీ రోజంతా ఉంచుకోరు. మూడింటిలో ఏ ఒక్కటి తప్పినా చిన్నవాడు మళ్ళీ పాప చంకకే వస్తాడు. పాప అరపూట బడితో సరిపెట్టుకోవాలి, లేదా తమ్ముణ్ణి వెంటబెట్టుకుని తరగతిలో కూర్చోవాలి. తమ్ముడితో వచ్చిన పిల్లను వద్దని పంపేస్తే ఆ రోజుతో ఆమె బడి అయిపోయినట్టే. తరగతి మూలన వాడికి చాప వేసి రాళ్ళో బొమ్మలో ఇచ్చి కూర్చోబెట్టిన టీచరు ఆ పాపకు ఎక్కువ మేలు చేస్తుంది. నిబంధనల పుస్తకం ప్రకారం అది సరికాకపోవచ్చు, సిద్ధాంతం ప్రకారం అదే సరైన అడుగు.

అంగన్‌వాడీ కుదిరిందనుకుందాం. పాప కొత్త ఊరి బడిలో కూర్చుంది. ఇక మధ్య వ్యవస్థ, అంటే రెండు బడుల మధ్య, బడికీ ఇంటికీ మధ్య ఉండాల్సిన దారి. ఇక్కడే నాకు ఎక్కువ బాధ కలిగేది, ఎందుకంటే దీనికి డబ్బు పెద్దగా అవసరం లేదు, అయినా జరగదు. కొత్త టీచరుకు ఈ పాప గురించి ఏమీ తెలియదు. నాలుగో తరగతి అంటుంది కాబట్టి నాలుగో తరగతి వరుసలో చివరన కూర్చోబెడతాడు. పాప మాట యాసలో తేడా, కన్నడం కలిసిన పదాలు. పిల్లలు నవ్వుతారు. ఆమె నోరు మూసుకుంటుంది. నెల తిరిగేసరికి "ఈ పిల్లకు ఏమీ రాదు" అన్న పేరు పడుతుంది. పాపకు పేరా చదవడం వచ్చు, తీసివేత వచ్చు, ఆ సంగతి ఆమెతో పాటు ప్రయాణం చేయలేదు.

అది ప్రయాణం చేయడానికి ఒక కార్డు చాలు. చేతి అంత అట్టముక్క. ఒకవైపు చదవడంలో స్థాయి: అక్షరాలా, పదాలా, ఒకటో తరగతి పేరానా, రెండో తరగతి కథనా. లెక్కల్లో స్థాయి: 1 నుంచి 9 అంకెలా, 11 నుంచి 99 సంఖ్యలా, అప్పుతో తీసివేతా, మూడంకెల సంఖ్యను ఒక అంకెతో భాగించడమా. ఇవి పిల్లల చదవడం, లెక్కల స్థాయిని కొలిచే అసర్ సర్వేలో ఏళ్ళ తరబడి వాడుతున్న మెట్లే, కాబట్టి ఏ టీచరు చదివినా ఒకటే అర్థమవుతుంది. ఒక పిల్లను పరీక్షించడానికి పది నిమిషాలకు మించదు. రెండోవైపు పాత బడి టీచరు ఫోను నంబరు, వెళ్ళే ఊరు, తిరిగొచ్చే నెల, ఆగిపోయిన పాఠం పేరు, ఇంకా "కొత్త చోట మాట్లాడదు, చెవి దగ్గర అడిగితే చెబుతుంది" లాంటి ఒక వాక్యం. ఆ చివరి వాక్యాన్ని చాలామంది అనవసరం అనుకుంటారు. బ్రాన్‌ఫెన్‌బ్రెనర్ తర్వాతి రచనల్లో పిల్ల స్వభావానికి పెద్ద చోటు ఉంది. ఎదుటివాళ్ళను దగ్గరకు రానిచ్చే పిల్లకూ దూరం పెట్టే పిల్లకూ అదే తరగతిలో దక్కేది వేరు. ఆ వాక్యం ఆ తేడాను కొంత సరిచేస్తుంది.

టీసీ సంగతి కూడా ఇక్కడే చెప్పుకోవాలి. టీసీ ఇస్తే ఊరి బడిలో పిల్లల సంఖ్య తగ్గుతుంది. సంఖ్యను బట్టే టీచరు పోస్టులు ఉంటాయి కాబట్టి చిన్న బడిలో హెడ్మాస్టరుకు టీసీ ఇవ్వడానికి చెయ్యి రాదు. చట్టం ఏం చెప్పినా, ఆచరణలో టీసీ ఇవ్వకపోతే కొత్త బడి రిజిస్టరులో పేరు ఎక్కదు, పేరు ఎక్కని పిల్ల మధ్యాహ్న భోజనం లెక్కకూ బయటే ఉంటుంది. రెండు బడులూ తమ తమ లెక్క ప్రకారం తప్పు చేయట్లేదు, మధ్యలో పాప జారిపోతోంది. నాలుగు నెలలకు వెళ్ళే పిల్లకు టీసీ అవసరం లేకుండా, పేరు పాత బడిలోనే ఉంచి, హాజరు, భోజనం కొత్త బడిలో నమోదయ్యే ఏర్పాటు ఉండాలి. కార్డు ఎంత బాగా రాసినా ఈ చిక్కు విడిపోదు. దీన్ని విప్పాల్సింది జిల్లా స్థాయిలో.

పాపను ఊళ్ళోనే ఉంచడం ఇంకో దారి. ప్రభుత్వ బడి చదువుల పథకమైన సమగ్ర శిక్ష కింద సీజనల్ హాస్టళ్ళు ఉన్నాయి. తల్లిదండ్రులు వలస వెళ్ళినన్నాళ్ళూ పిల్లలు ఊరి బడిలోనే ఉండి, రాత్రి అక్కడే తిని పడుకునే ఏర్పాటు. దీనివల్ల బడిలో జరిగే నిత్య వ్యవహారం నిలుస్తుంది, అమ్మానాన్నలతో జరిగేది నాలుగు నెలలు పోతుంది. పదేళ్ళ పిల్లకు, అవ్వ ఊళ్ళోనే ఉంటే, ఈ బేరం గిట్టుబాటే అంటాను. ఆరేళ్ళ పిల్లకు గిట్టదు. అవ్వ ఉన్న పిల్లలకు హాస్టలు కంటే అవ్వ ఇంట్లోనే ఉంచి, సాయంత్రం బడిలో రెండు గంటలు చదువు, రాత్రి భోజనం ఇస్తే మేలు. అయితే హాస్టలు పెట్టినా పెట్టకపోయినా తమ్ముడి ప్రశ్న అలాగే ఉంటుంది. పాపను ఉంచేసుకుంటే చేను గట్టున వాణ్ణి చూసేవాళ్ళు లేరు కాబట్టి తల్లి ఒప్పుకోదు. హాస్టళ్ళు తెరిచినా కొన్ని కుటుంబాల పిల్లలు ఎందుకు రావడం లేదని ఆశ్చర్యపోయేవాళ్ళు ఆ ఇళ్ళలో చిన్నపిల్లలు ఎంతమందో లెక్క చూడాలి.

హాస్టలు తెరిచే తేదీ కూడా ముఖ్యం. కుటుంబం బయలుదేరేది డిసెంబరులోనే కావచ్చు, నిర్ణయం జరిగేది అడ్వాన్సు తీసుకున్న రోజు. ఎంతమంది వస్తారు, ఎన్ని చేతులు అన్న లెక్క మీదే ఆ బేరం జరుగుతుంది. ఆ లెక్కలో పాప ఉంటే తర్వాత వెనక్కి తీసుకోవడం కష్టం. బండ్లు వెళ్ళిపోయాక అనుమతి వచ్చి జనవరిలో తెరిచిన హాస్టలు ఎందుకూ పనికిరాదు. దసరా సెలవులకు ముందే ఏ పిల్లలు ఉండిపోతారు, ఎప్పటి నుంచి, ఎవరు వండుతారు, రాత్రి ఆడపిల్లల దగ్గర ఏ ఆడమనిషి పడుకుంటుంది అన్నది ఊరికి తెలిసి ఉండాలి. చివరి ప్రశ్నకు సమాధానం లేని హాస్టలుకు ఆడపిల్లలను పంపరు, పంపకూడదు కూడా.

డబ్బు ఇచ్చే పథకాల సంగతి ఇదే కోణం నుంచి చూడండి. 2020లో మొదలైన అమ్మ ఒడి పథకంలో తల్లి ఖాతాకు ఏడాదికి 15,000 రూపాయలు ప్రకటించారు, దానికి 75 శాతం హాజరు షరతు ఉండేది. ఉద్దేశం మంచిది. మన పాప లెక్క చూస్తే 220 రోజుల్లో 75 శాతం అంటే 165 రోజులు, ఆమెకు 135 కూడా దాటడం కష్టం. ఇలాంటి షరతు ఎవరిని బడికి రప్పించాలని పెట్టారో వాళ్ళనే బయట పెట్టేస్తుంది. పైగా మేస్త్రీ అడ్వాన్సు పని మొదలుకాకముందే చేతిలో పడుతుంది, పథకం డబ్బు హాజరు లెక్క తేలాక వస్తుంది. పంట పోయి అప్పు మీద ఉన్న ఇంటికి ఈ రెండింటిలో ఏది బరువో చెప్పనక్కరలేదు. వలస పిల్లలకు రెండు బడుల హాజరూ కలిపి లెక్కించినా ఈ షరతు సగం న్యాయంగా మారుతుంది.

బడికీ ఇంటికీ మధ్య సమావేశాలకు కూడా ఊరి క్యాలెండరు తెలియాలి. ఆంధ్రప్రదేశ్‌లో 2024 డిసెంబరు 7న రాష్ట్రమంతా ఒకే రోజు పెద్ద ఎత్తున తల్లిదండ్రుల సమావేశాలు జరిగాయి. తర్వాతి విడత 2025 జులై 10న. కోస్తా ఊళ్ళకు డిసెంబరు మంచి నెలే. కోసిగి వైపు ఊళ్ళలో మాత్రం, అసలు మాట్లాడాల్సిన తల్లిదండ్రులు ఆ రోజుకు మిరప చేలల్లో ఉంటారు. ఈ ప్రాంతానికి జులై సమావేశం సరిపోతుంది. దానికి తోడు దసరాకు ముందు వారం, సాయంత్రం ఏడు తర్వాత, బడిలో కాకుండా వాళ్ళ వీధిలో ఇంకొకటి కావాలి. విద్యాహక్కు చట్టం ప్రకారం బడి యాజమాన్య కమిటీలో నాలుగింట మూడొంతుల మంది తల్లిదండ్రులే ఉండాలి, మొత్తంలో సగం మంది ఆడవాళ్ళు ఉండాలి. అందులో వలస వెళ్ళే ఇంటి తల్లి ఒక్కరైనా ఉన్న బడిలో ఆ సమావేశం తేదీ గురించి వేరే ఎవరూ గుర్తుచేయక్కరలేదు.

పాప వెళ్ళే చోట బడి కుదరలేదు, ఊళ్ళో ఉంచడమూ కుదరలేదు అనుకుందాం. అప్పుడు ఊరి టీచరు చేయగలిగింది ఏమైనా ఉందా? ఇక్కడ ఆ మూడు షరతులు నేరుగా పనికొస్తాయి. వర్క్‌షీట్ల కట్ట ఇచ్చి పంపడం చాలామంది చేసే పని. అందులో క్రమం ఉండొచ్చు, కష్టం పెరగొచ్చు. రాసినదాన్ని చూసి మారేవాళ్ళు ఎవరూ లేరు కాబట్టి మొదటి తప్పు దగ్గరే ఆగిపోతుంది. వాట్సాప్‌లో వీడియోలు పంపితే ఫోను పగలంతా తండ్రి జేబులో చేలో ఉంటుంది, వీడియో పాపను ప్రశ్న అడగదు. నెలకోసారి ఫోను చేసి బాగోగులు అడగడం మంచిదే కానీ చదువుకు అది చాలదు. పనిచేసేది వారానికి రెండుసార్లు, రాత్రి తిండి వేళ అయ్యాక, పది నిమిషాల ఫోను. ముందుగా ఇచ్చిన పుస్తకంలో పాప ఒక పేరా చదువుతుంది, టీచరు వింటుంది, రెండు ప్రశ్నలు అడుగుతుంది. మూడు తీసివేతలు చెబితే పాప రాసి జవాబు చెబుతుంది. తప్పొస్తే తర్వాతి లెక్క సులువుది, సరిపోతే కొంచెం పెద్దది. ఇది ఇరవై మంది పిల్లలతో ఒక్క టీచరు వల్ల కాదు. ఐదారుగురితో అవుతుంది. ఎవరితో చేయాలో ఎంచుకోవాల్సి వస్తే పేరా దగ్గర ఉన్న పిల్లలతో చేయాలంటాను. చదవడం కుదురుకునే అంచులో ఉన్నది వాళ్ళే, నాలుగు నెలలు వదిలేస్తే ఆ అంచు నుంచి వెనక్కి పోయేదీ వాళ్ళే.

ఎప్పుడు పోయిందన్నది కూడా లెక్కే. అమెరికాలో 1930ల ఆర్థిక మాంద్యంలో పెరిగిన పిల్లలను గ్లెన్ ఎల్డర్ అనే సామాజిక శాస్త్రవేత్త దశాబ్దాల పాటు అనుసరించిన సమాచారంతో పరిశీలించారు. ఒకే కష్టం కౌమారంలో ఉన్నవాళ్ళకు, చిన్నపిల్లలుగా ఉన్నవాళ్ళకు వేర్వేరు ఫలితాలిచ్చింది. చిన్నవయసులో దెబ్బ తిన్న మగపిల్లలు ఎక్కువ నష్టపోయారు. కాల వ్యవస్థను వివరించేటప్పుడు బ్రాన్‌ఫెన్‌బ్రెనర్ ఆధారపడిన పరిశోధనల్లో ఇదొకటి. మనకు దీని అర్థం సూటిగా ఉంది. ఒకటో తరగతిలో నాలుగు నెలలు పోతే అక్షరాలే కుదరవు, ఆ పైనున్న అన్నీ కదులుతాయి. ఎనిమిదో తరగతిలో పోతే కొన్ని పాఠాలు పోతాయి, కానీ చేనులో చేతికొచ్చే కూలి రుచి తెలుస్తుంది, తొమ్మిదికి తిరిగిరాని ప్రమాదం పెరుగుతుంది. రెండూ ఆపాల్సినవే, ఆపే పద్ధతి మాత్రం ఒకటి కాదు. మొదటిదానికి చదివించే మనిషి కావాలి, రెండోదానికి ఊళ్ళోనే ఉండే చోటు కావాలి.

ఈ సిద్ధాంతానికి పరిమితి లేకపోలేదు. ఏ పొర ఎంత బరువో అది చెప్పదు. అన్నిటినీ అన్నిటితో కలిపి చూపిస్తుంది కాబట్టి ఏ ఫలితం వచ్చినా ముందే చెప్పాం అనవచ్చు, అలా ఎక్కడైనా అతికే సిద్ధాంతాన్ని తప్పని నిరూపించడం కష్టం. వలస ఎందుకు జరుగుతుందన్న దానికి ఇక్కడ జవాబు దొరకదు. ఆ మండలాల పొలాలకు నీళ్ళు, ఊళ్ళో డిసెంబరు నుంచి మార్చి వరకు ఉపాధి పని, సమయానికి ఆ కూలి చేతికి రావడం, ఇవి బడి బయట తేలాల్సినవి. వీటికి బదులుగా కార్డులూ ఫోన్లూ సరిపోతాయని నేననడం లేదు.

ఇక మార్చి చివర. పాప తిరిగొచ్చింది. ఏప్రిల్ నాలుగో వారానికి వేసవి సెలవులు, అంటే చేతిలో ఉన్నది మూడు, నాలుగు వారాలు. ఆ వారాల్లో ఆమెను భిన్నాల పాఠంలో కూర్చోబెట్టడం వృథా. మొదటి రోజే పది నిమిషాలు ఆ కార్డు మెట్ల మీద మళ్ళీ చూడాలి. ఎక్కడ జారిందో తెలుస్తుంది. రోజూ 45 నిమిషాలు, తరగతితో సంబంధం లేకుండా అదే మెట్టు మీదున్న పిల్లలందరినీ ఒక గుంపుగా కూర్చోబెట్టాలి. తీసివేతలో అప్పు మళ్ళీ తప్పుతుంటే పుల్లల కట్టలతో పదులు విప్పి చూపించాలి, మూడు రోజుల్లో కుదురుతుంది, ఎందుకంటే ఇది మరిచిపోయిన విషయం, రాని విషయం కాదు. ఈ రెండింటికీ తేడా కనిపెట్టడం సులువే. మరిచిపోయిన పిల్ల ఒకసారి చూపిస్తే రెండో లెక్క తానే చేస్తుంది, రాని పిల్ల మూడో లెక్కలోనూ అదే తప్పు చేస్తుంది. మిగిలిన రోజులు భాగహారానికి, పంచుకోవడంతో మొదలుపెట్టి. ఏప్రిల్‌లో ఏ మెట్టు దగ్గర ఆగిందో కార్డు మీద తేదీతో రాయాలి. జూన్‌లో ఆమె ఐదో తరగతిలో కూర్చుంటుంది, టీచరు మారొచ్చు. కార్డు ఆ టీచరు బల్ల మీద మొదటి రోజే ఉండాలి, దాని వెనక వైపు ఇంకో రెండు విషయాలు కొత్తగా చేర్చి: తమ్ముడి వయసు, ఈ ఏడు అవ్వ ఊళ్ళో ఉంటుందా లేదా.